ముందు ఇంపెయిర్‌మెంట్, ఆ తర్వాతే డిఫర్డ్ టాక్స్

2019 ఫిబ్రవరి 7న టాటా మోటార్స్ ప్రకటించిన ఫలితాలు చూసి మదుపరులు ఉలిక్కిపడ్డారు. 2018 డిసెంబరుతో ముగిసిన మూడు నెలల్లోనే దాదాపు 27 వేల కోట్ల రూపాయల నష్టం. అంత డబ్బూ కంపెనీ చేతి నుంచి జారిపోయిందా అంటే, లేదు. ఆ కంపెనీకి చెందిన జాగ్వార్ ల్యాండ్ రోవర్‌కు చైనాలో అమ్మకాలు పడిపోయాయి, డీజిల్ కార్లకు గిరాకీ తగ్గింది. ఇన్నాళ్లూ పుస్తకాల్లో మోస్తూ వచ్చిన ఆస్తులు ఇకముందు అంత రాబడి తేలేవని లెక్క తేలడంతో, వాటి విలువను 310 కోట్ల పౌండ్ల మేర తగ్గించి రాశారు. ఆ క్షణాన నగదు ఒక్క పైసా కదలలేదు, లాభనష్టాల ఖాతా మాత్రం కుదేలైంది.

ఇలా తగ్గించి రాయడమే ఇంపెయిర్‌మెంట్. మన దేశంలో దీన్ని ఇండ్ ఏఎస్ 36 అనే ప్రమాణం నిర్దేశిస్తుంది. ఆస్తి విలువ అలా తగ్గించగానే పన్ను లెక్క కూడా కదులుతుంది. దాన్ని చూసుకునేది ఇండ్ ఏఎస్ 12, అంటే ఆదాయపు పన్నుల ప్రమాణం. సీఏ ఫైనల్ చదివేవాళ్లు ఈ రెంటినీ విడివిడిగా బాగానే నేర్చుకుంటారు. ఒకే ప్రశ్నలో రెండూ కలిసి వచ్చినప్పుడు చాలామంది తడబడతారు. దాదాపు ఎప్పుడూ తప్పు ఒకే చోట జరుగుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పుతుంది, లేదా ఒకదానిలో ఉండకూడనిది ఇంకోదానిలోంచి లాక్కొస్తారు. అందుకే ఒక్క యంత్రాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిపి చూద్దాం.

ఒక కంపెనీ 2021 ఏప్రిల్ 1న 80 లక్షల రూపాయలకు ఒక యంత్రం కొంది. పదేళ్లు పనిచేస్తుంది, చివర్లో తుక్కుగా కూడా ఏమీ రాదు. కంపెనీ తన పుస్తకాల్లో ఏటా సమానంగా 8 లక్షల చొప్పున తరుగుదల రాస్తుంది. ఆదాయపు పన్ను శాఖకు మాత్రం ఈ పద్ధతితో పని లేదు. అక్కడ మామూలు యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల. నిజానికి పన్ను చట్టం యంత్రాలను ఒక్కొక్కటిగా కాక ఒక గుంపుగా చూస్తుంది. కానీ పరీక్షలో ఒక్క యంత్రానికి విడిగానే లెక్క ఇస్తారు, మనమూ అలాగే అనుకుందాం.

మూడేళ్లు గడిచి 2024 మార్చి 31 వచ్చేసరికి పుస్తకాల్లో యంత్రం విలువ 56 లక్షలు. పన్ను లెక్కలో 80 లక్షలు మొదటి ఏడాది 68 లక్షలై, రెండో ఏడాది 57.80 లక్షలై, మూడో ఏడాదికి 49.13 లక్షలకు దిగింది. ఈ రెండో అంకెనే టాక్స్ బేస్ అంటారు. ఇకముందు పన్ను లెక్కలో కంపెనీ ఈ యంత్రం మీద మినహాయించుకోగలిగేది అంతే. పుస్తక విలువ 56 లక్షలు, టాక్స్ బేస్ 49.13 లక్షలు, మధ్యలో తేడా 6.87 లక్షలు.

ఈ తేడాకు అర్థం ఏమిటో చెప్పుకోకుండా సూత్రం బట్టీ పడితే పరీక్షలో ఎక్కువసేపు నిలవదు. పుస్తకాల్లో 56 లక్షలు అని రాశామంటే, ఆ మేరకు రాబడి ఈ యంత్రం నుంచి తిరిగి వస్తుందని కంపెనీ చెబుతున్నట్టు. 56 లక్షలు రాబడి వస్తే, అందులో 49.13 లక్షలే పన్ను నుంచి మినహాయింపు. మిగిలిన 6.87 లక్షల మీద ఎప్పుడో ఒకప్పుడు పన్ను కట్టాలి. గడిచిన ఏళ్లలో పన్ను లెక్కలో తరుగుదల ఎక్కువగా తీసుకుని తక్కువ పన్ను కట్టాం కదా, ఆ బాకీ ఇది. పన్ను రేటు 25 శాతం అనుకుంటే 1,71,750 రూపాయలు. దీన్ని డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ అంటారు, విద్యార్థుల వాడుకలో డీటీఎల్. 2019 సెప్టెంబరులో వచ్చిన మార్పు ప్రకారం తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీలకు 22 శాతానికి సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.168 శాతం అవుతుంది. ప్రశ్నపత్రాల్లో ఎక్కువగా గుండు అంకె ఇస్తారు. ఏ రేటు ఇస్తే దానితోనే చేయాలి. మనకు తెలిసిన అసలు రేటు అక్కడ తెచ్చి పెట్టకూడదు.

ఇప్పుడు ఈ యంత్రం తయారుచేసే సరుకుకు గిరాకీ పడిపోయింది, పోటీదారు కొత్త నమూనా తెచ్చాడు. అది ఇంపెయిర్‌మెంట్‌కు సూచన. ప్రతి ఆస్తినీ ప్రతి ఏడాదీ పరీక్షించమని ప్రమాణం అడగదు. ఇలాంటి సూచన కనిపించినప్పుడే పరీక్షించాలి. గుడ్‌విల్, కాలపరిమితి లేని కనిపించని ఆస్తులు, ఇంకా వాడకానికి సిద్ధం కాని కనిపించని ఆస్తులు, ఈ మూడింటికి మాత్రం సూచన ఉన్నా లేకున్నా ఏటా పరీక్ష తప్పదు.

పరీక్ష అంటే ఒక్క ప్రశ్న: ఈ యంత్రం నుంచి కంపెనీ గరిష్ఠంగా ఎంత రాబట్టుకోగలదు? రాబట్టే దారులు రెండే. ఇవాళే అమ్మేయడం ఒకటి, దగ్గర పెట్టుకుని వాడుకోవడం రెండోది. మన యంత్రానికి మార్కెట్లో 41 లక్షలు పలుకుతుంది, అమ్మకానికి అయ్యే ఖర్చు లక్ష. కాబట్టి అమ్మితే చేతికి వచ్చేది 40 లక్షలు. వాడుకుంటే వచ్చేదాన్ని వాల్యూ ఇన్ యూజ్ అంటారు. రాబోయే ఏళ్ల నగదును ఇవాళ్టి విలువకు తెచ్చి కూడితే అది వస్తుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అదే రికవరబుల్ అమౌంట్. తక్కువది తీసుకుని మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. తెలివైన యజమాని తనకు ఎక్కువ వచ్చే దారే ఎంచుకుంటాడు కదా అని ఒకసారి అనుకుంటే ఆ తప్పు జరగదు.

వాల్యూ ఇన్ యూజ్ దగ్గరే ప్రశ్న తయారుచేసేవాళ్లు ఉచ్చులు పన్నుతారు. ఇలా ఇస్తారనుకోండి. మిగిలిన ఏడేళ్లూ ఏటా అమ్మకాల రాబడి 26 లక్షలు, నిర్వహణ ఖర్చు 16 లక్షలు, మామూలు మరమ్మతులకు లక్ష, బ్యాంకు రుణంపై వడ్డీ 2 లక్షలు, తరుగుదల 8 లక్షలు, పన్ను ఇంత. మూడో ఏడాది 10 లక్షలు పెట్టి యంత్రాన్ని మెరుగుపరచాలని యాజమాన్యం ఆలోచిస్తోంది, దానివల్ల ఏటా 5 లక్షలు అదనంగా వస్తుంది. డిస్కౌంట్ రేటు 10 శాతం.

ఇందులో తీసుకోవలసినవి మూడే: 26 లక్షలు, 16 లక్షలు, లక్ష. ఏటా నికరంగా 9 లక్షలు. తరుగుదల నగదు కాదు, అందుకని అది పోయింది. వడ్డీ నగదే, కానీ డబ్బు ఖరీదు ఇప్పటికే ఆ 10 శాతం రేటులో ఉంది. మళ్లీ తీస్తే రెండుసార్లు తీసినట్టు. మెరుగుపరచే ఖర్చునూ దానివల్ల వచ్చే అదనపు రాబడినీ రెంటినీ వదిలేయాలి. పరీక్షించేది ఇవాళ ఉన్న యంత్రాన్ని, రేపు కాబోయే యంత్రాన్ని కాదు. ఖర్చు వదిలి రాబడి మాత్రం ఉంచుకోవడం ఇక్కడ అన్నిటికన్నా చెడ్డ తప్పు. మామూలు మరమ్మతుల లక్ష మాత్రం ఉండాలి, ఎందుకంటే ఇవాళ్టి స్థితిలోనే యంత్రాన్ని నిలబెట్టడానికి అది కావాలి.

ఇక పన్ను. దాన్ని కూడా వదిలేయాలి, డిస్కౌంట్ రేటు కూడా పన్నుకు ముందుదే కావాలి. ఈ రెండు ప్రమాణాలు కలిసే కీలు ఇక్కడే ఉంది. యంత్రం వల్ల రాబోయే పన్ను ప్రభావాన్ని డిఫర్డ్ టాక్స్ విడిగా పుస్తకాల్లోకి తెస్తుంది. అదే పన్నును వాల్యూ ఇన్ యూజ్‌లో కూడా కలిపేస్తే ఒకే ప్రభావం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ప్రశ్నలో పన్ను తర్వాతి రేటు 7.5 శాతం అని ఇచ్చి పన్ను రేటు 25 శాతం అంటే, 7.5ని 0.75తో భాగించి 10 శాతంగా తీసుకుంటారు. పరీక్షకు అది చాలు. పన్ను ఏ ఏడాది ఎంత పడుతుందన్నది మారుతూ ఉంటుంది కనుక అసలు కంపెనీల్లో ఆ భాగహారం ఉజ్జాయింపు మాత్రమే. అంతర్జాతీయ ప్రమాణాల మండలి 2024 మార్చిలో ఈ పన్నుకు ముందు నిబంధనను ఎత్తేద్దామని ముసాయిదాలో ప్రతిపాదించింది కూడా. పరీక్ష రాసేవాళ్లు మాత్రం తమ సిలబస్‌లో ఉన్న నిబంధననే పాటించాలి.

సరే, 9 లక్షలు ఏడేళ్లు 10 శాతం చొప్పున. ఆన్యుటీ పట్టికలో ఏడేళ్లకు 4.868. గుణిస్తే 43,81,200 రూపాయలు. ఇది 40 లక్షల కన్నా ఎక్కువ కాబట్టి రికవరబుల్ అమౌంట్ ఇదే. పుస్తక విలువ 56 లక్షలు. తేడా 12,18,800 రూపాయలు ఇంపెయిర్‌మెంట్ నష్టంగా లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. యంత్రాన్ని ముందెప్పుడో విలువ పెంచి రాసి ఉంటే, ఆ పెంపు ఉన్నంత మేరకు నష్టం రీవాల్యుయేషన్ నిల్వలోకి పోతుంది. దాని తాలూకు పన్ను కూడా దాని వెంటే అక్కడికే పోతుంది. మన కథలో అది లేదు.

ఈ నష్టాన్ని ఆదాయపు పన్ను శాఖ ఖర్చుగా ఒప్పుకోదు. అక్కడ తరుగుదల తన దారిన తాను నడుస్తుంది. కనుక టాక్స్ బేస్ 49.13 లక్షల దగ్గరే ఉంది, కదలలేదు. విద్యార్థి ఆ అంకెను కూడా తగ్గించేశాడంటే ఆ తర్వాత రాసేదంతా వృథా. ఇప్పుడు పుస్తక విలువ 43,81,200, టాక్స్ బేస్ 49,13,000. తేడా తిరగబడింది. ఇప్పుడు పన్ను లెక్కలోనే ఎక్కువ విలువ మిగిలింది, అంటే ముందుముందు పుస్తకాల్లో కన్నా పన్నులో 5,31,800 ఎక్కువ మినహాయించుకోవచ్చు. దాని మీద 25 శాతం, 1,32,950 రూపాయలు, డిఫర్డ్ టాక్స్ అసెట్. అంటే డీటీఏ.

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ఉండాల్సిన 1,71,750 బాకీ పోయింది, 1,32,950 ఆస్తి వచ్చింది. రెండూ కలిపితే 3,04,700. ఇంపెయిర్‌మెంట్ నష్టం 12,18,800లో 25 శాతం కూడా సరిగ్గా అంతే. ఈ రెండు అంకెలూ కలవలేదంటే మధ్యలో ఎక్కడో టాక్స్ బేస్ జరిగింది, లేదా గుర్తు తారుమారైంది. అరనిమిషం పట్టే ఈ సరిచూత మొత్తం జవాబును కాపాడుతుంది.

కానీ ఈ 3,04,700 ఆ ఏడాది మొత్తం డిఫర్డ్ టాక్స్ కాదు. లాభనష్టాల ఖాతాకు వెళ్లేది ఏడాది మొదట ఉన్న నిల్వకూ చివర ఉన్న నిల్వకూ మధ్య కదలిక. 2023 మార్చి 31న పుస్తక విలువ 64 లక్షలు, టాక్స్ బేస్ 57.80 లక్షలు, తేడా 6.20 లక్షలు, డీటీఎల్ 1,55,000. అక్కడి నుంచి 2024 మార్చి 31న 1,32,950 డీటీఏకు వచ్చాం. కదలిక 2,87,950. ఇదే ఆ ఏడాది పన్ను ఖర్చును తగ్గించే అంకె. ఇంపెయిర్‌మెంటే లేకపోతే తరుగుదల తేడా వల్ల బాకీ 16,750 పెరిగేది. 3,04,700లో నుంచి ఆ 16,750 తీస్తే 2,87,950 వస్తుంది. చివరి నిల్వనే ఖర్చుగా రాసేయడం నేను తరచూ చూసే తప్పు. బ్యాలెన్స్ షీట్‌లో కూర్చునేది నిల్వ, లాభనష్టాల ఖాతాలోకి వెళ్లేది కదలిక.

ఆ మర్నాటి నుంచి తరుగుదల కూడా మారుతుంది. 43,81,200ను మిగిలిన ఏడేళ్లకు పంచితే ఏటా దాదాపు 6.26 లక్షలు. పాత 8 లక్షలు కొనసాగించకూడదు. రెండేళ్ల తర్వాత, 2026 మార్చి 31న గిరాకీ తిరిగొచ్చి రికవరబుల్ అమౌంట్ 45 లక్షలకు చేరిందనుకుందాం. పుస్తక విలువ అప్పటికి దాదాపు 31.29 లక్షలు. దాన్ని 45 లక్షలకు పెంచడానికి వీల్లేదు. అసలు ఇంపెయిర్‌మెంటే జరగకపోయి ఉంటే ఆ రోజుకు 40 లక్షలు ఉండేది, అంతవరకే పెంచాలి. అప్పటి టాక్స్ బేస్ దాదాపు 35.50 లక్షలు కాబట్టి తేడా మళ్లీ మొదటి వైపుకు తిరిగి, డీటీఏ పోయి దాదాపు 1.13 లక్షల డీటీఎల్ వస్తుంది.

యంత్రం ఒంటరిగా కాక ఒక యూనిట్‌లో భాగంగా ఉన్నప్పుడు ఇంకో చిక్కు. సొంతంగా రాబడి తెచ్చే అతి చిన్న ఆస్తుల గుంపును క్యాష్ జనరేటింగ్ యూనిట్ అంటారు. యంత్రం 56 లక్షలు, భవనం 24 లక్షలు, వ్యాపారం కొన్నప్పుడు వచ్చిన గుడ్‌విల్ 10 లక్షలు, మొత్తం 90 లక్షల యూనిట్ ఉంది. దాని రికవరబుల్ అమౌంట్ 72 లక్షలు. నష్టం 18 లక్షలు. ముందు గుడ్‌విల్ పూర్తిగా పోవాలి, 10 లక్షలు. మిగిలిన 8 లక్షలను యంత్రం, భవనం తమ పుస్తక విలువల నిష్పత్తిలో భరిస్తాయి, 5.60 లక్షలు, 2.40 లక్షలు. ఏ ఆస్తినీ దాన్ని అమ్మితే వచ్చే నికర విలువ కన్నా కిందికి దించకూడదన్న షరతు ఉంది. ఆ వివరం ప్రశ్నలో ఇస్తే చూసుకోవాలి.

ఇక్కడ డిఫర్డ్ టాక్స్ మార్పు 18 లక్షల మీద 25 శాతం కాదు. పన్నులో ఎలాంటి మినహాయింపూ లేని గుడ్‌విల్ మీద మొదట్లోనే డీటీఎల్ రాయొద్దని ఇండ్ ఏఎస్ 12 చెప్పింది. రాయని బాకీని ఇప్పుడు తీసేయడం కుదరదు. కనుక 8 లక్షల మీదే, 2 లక్షలు. నాలుగున్నర లక్షలని రాసినవాళ్లు ఇంపెయిర్‌మెంట్ సరిగ్గా చేసి కూడా రెండో సగం పోగొట్టుకుంటారు. గుడ్‌విల్ మీద రాసిన నష్టాన్ని తర్వాత ఎంత మంచి రోజులొచ్చినా వెనక్కి తిప్పడానికి లేదన్నదీ గుర్తుండాలి.

ఇప్పటిదాకా 1,32,950 డీటీఏను ఏ అనుమానం లేకుండా రాసేశాం. ఆ కంపెనీకి వేరే సరుకుల మీద మంచి లాభాలున్నాయి అనుకున్నాం కాబట్టి అది చెల్లింది. డీటీఎల్‌ను ఎలాగైనా రాయాల్సిందే. డీటీఏను మాత్రం, ఆ మినహాయింపు వాడుకోవడానికి సరిపడా పన్ను కట్టే లాభం ముందుముందు రావడం సంభావ్యమైతేనే రాయాలి. లాభమే లేనివాడికి అదనపు మినహాయింపు ఎందుకు పనికొస్తుంది?

ఇంపెయిర్‌మెంట్ ప్రశ్నల్లో ఈ షరతు ఎక్కువ బరువు మోస్తుంది. ఆస్తి విలువ పడిపోవడానికి కారణమే వ్యాపారం దెబ్బతినడం. అలాంటి కంపెనీలో లాభాలు వస్తాయనడానికి ఆధారం బలంగా ఉండాలి. ప్రశ్నలో ఎక్కడో ఒక మూల, కంపెనీకి గత మూడేళ్లుగా నష్టాలే అని ఒక్క వాక్యం ఉంటుంది. అది అలంకారానికి పెట్టింది కాదు. ఇటీవలి వరస నష్టాలు ఉన్నప్పుడు నమ్మదగిన వేరే ఆధారం కావాలి. అదే పన్ను శాఖకు, అదే కాలంలో తిరగబడే డీటీఎల్‌లు వేరే ఆస్తుల మీద ఉంటే ఆ మేరకు ఆధారం దొరికినట్టే. అవీ లేకపోతే మన లెక్కలో ఉన్న 1,71,750 బాకీ మాత్రం పోతుంది, 1,32,950 ఆస్తి రాదు. ఇంపెయిర్‌మెంట్‌కు పన్ను ఊరట 3,04,700కు బదులు 1,71,750 దగ్గర ఆగిపోతుంది. రాయని ఆ తేడా 5,31,800 అని నోట్స్‌లో చూపించి, ప్రతి ఏడాది చివర మళ్లీ పరిశీలించాలి.

ఆడిట్‌లో కూడా ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. యంత్రం వాల్యూ ఇన్ యూజ్ కట్టడానికి యాజమాన్యం ఇచ్చిన అంచనాల్లో అమ్మకాలు ఏటా తగ్గుతున్నాయి. అదే యాజమాన్యం డీటీఏ నిలబెట్టుకోవడానికి ఇచ్చిన అంచనాల్లో అవే అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయి. పన్ను లాభం లెక్క పన్ను చట్టం ప్రకారం కడతారు, నగదు లెక్క వేరు, కనుక అంకెలు అచ్చంగా ఒకటి కానక్కర్లేదు. కానీ అమ్మకాల పరిమాణం, ధర, ఖర్చు గురించిన ఊహలు మాత్రం రెండు ఫైళ్లలోనూ ఒకటే అయి ఉండాలి. సీఏ ఫైనల్‌లో కేసు ఆధారంగా వచ్చే ప్రశ్నల్లో ఈ వైరుధ్యాన్ని రెండు పేరాల్లో విడదీసి దాచుతారు. ఇంపెయిర్‌మెంట్ పేరాలో గిరాకీ తగ్గుతుందని, పన్ను పేరాలో లాభాలు పుంజుకుంటాయని యాజమాన్యం నమ్ముతోందని ఉంటుంది. అలాంటప్పుడు ముందు రికవరబుల్ అమౌంట్ లెక్క పూర్తిచేసి, అందులో వాడిన అమ్మకాల ఊహనే డీటీఏ దగ్గరికి తీసుకెళ్లి, దాని ప్రకారం పన్ను లాభం మిగులుతుందో లేదో చూపిస్తూ జవాబు రాయాలి. యాజమాన్యం నమ్మకానికి ఆధారంగా సంతకాలైన ఆర్డర్లు, ఖరారైన కాంట్రాక్టులు ఏవైనా ప్రశ్నలో ఇచ్చారా అని వెతకాలి. ఇచ్చి ఉంటే వాటి రాబడి వాల్యూ ఇన్ యూజ్‌లోకి కూడా రావాలి, అప్పుడు ఇంపెయిర్‌మెంట్ నష్టమే తగ్గుతుంది.